అంకె మారినా చెల్లే స్క్రిప్టు

2018 వేసవిలో ఎవరైనా యూపీఐ వాడకం నేర్పే వీడియో తీసి ఉంటే అందులో ‘తేజ్’ అనే యాప్ కనిపిస్తుంది. 2017 సెప్టెంబరులో ఆ పేరుతో వచ్చిన యాప్ ఏడాది తిరక్కుండానే గూగుల్ పే అయిపోయింది. 2021లో తీసిన వీడియో అయితే, ఆన్‌లైన్ మోసం జరిగితే 155260కి ఫోన్ చేయమని చెబుతుంది. మరుసటి ఏడాదికల్లా ఆ నంబరు స్థానంలో 1930 వచ్చింది.

రెండూ పాతబడ్డ మాటలే. కానీ రెండూ ఒక్కటి కావు. తేజ్ అనే పేరు విన్నవాడు కాసేపు తికమకపడి, పక్కనున్న పిల్లాణ్ని అడిగి తెలుసుకుంటాడు. ఖాతాలోంచి డబ్బు పోయిన మనిషి పాత నంబరు తిప్పుతూ కూర్చుంటే, ఆ డబ్బు ఖాతా నుంచి ఖాతాకు దూకి ఎటో వెళ్లిపోతుంది. స్క్రిప్టును ఏళ్ల తరబడి పనికొచ్చేలా తిరగరాయాలంటే ముందు ఈ తేడా పట్టుకోవాలి. కాలంతో పాటు కొన్ని మాటలు పాతబడతాయి, కొన్ని ఎబ్బెట్టుగా మారతాయి, కొన్ని ఏకంగా అబద్ధాలవుతాయి. ముసలితనం తప్పేమీ కాదు. ఎబ్బెట్టును కొంతవరకు సర్దుకోవచ్చు. అబద్ధాన్ని మాత్రం ఉంచకూడదు.

బ్యాంకులు, స్వచ్ఛంద సంస్థలు, యూట్యూబ్‌లో పాఠాలు చెప్పేవాళ్లు ఇలాంటి వీడియోలు తీయిస్తూనే ఉంటారు. నటులకు, డబ్బింగుకు, ఎడిటింగుకు ఒకసారి పెట్టిన ఖర్చు నాలుగైదేళ్లు పనిచేయాలని కోరుకుంటారు. స్క్రిప్టు రాసేటప్పుడు మాత్రం ఆ నెలలో పత్రికల్లో ఏముందో అదే రాస్తారు. ఎలా ఉంటుందో చూడటానికి ఒక స్క్రిప్టు ముక్క చూద్దాం. ఇది ఈ వ్యాసం కోసం అల్లిందే. రాసింది 2022 అక్టోబరులో అనుకుందాం. తాతకు మనవరాలు యూపీఐ నేర్పుతోంది.

మనవరాలు: నోట్ల రద్దు జరిగి ఆరేళ్లవుతోంది తాతయ్యా, నీ జేబులో ఇంకా రెండు వేల నోట్లేనా?

తాతయ్య: స్మార్ట్‌ఫోన్ కొనాలంటే మాటలా తల్లీ?

మనవరాలు: ఎనిమిది వేలకే మంచి ఫోన్ వస్తోంది. పైగా పోయిన నెలే కొత్తగా యూపీఐ లైట్ వచ్చింది. రెండు వందల దాకా పిన్ కూడా కొట్టక్కర్లేదు.

తాతయ్య: పిన్ లేకుండా డబ్బు పోతుందా? అమ్మో!

మనవరాలు: లైట్‌లో మొత్తం రెండు వేలకు మించి ఉండదులే. మిగతా ఖాతాలోంచి నువ్వు పిన్ కొట్టందే ఒక్క రూపాయి కూడా బయటికి పోదు. ఇదిగో, యాప్ తెరిచి కింద మధ్యలో ఉన్న గుండ్రటి బటన్ నొక్కు. ఆర్ఆర్ఆర్ టికెట్లకు నేను కట్టానే, అచ్చం అలాగే.

తాతయ్య: ఎవరైనా మోసం చేస్తే?

మనవరాలు: డబ్బు పంపుతున్నామని చెప్పి రిక్వెస్ట్ పెడతారు, పిన్ కొట్టమంటారు. కొట్టావో, నీ డబ్బే పోతుంది. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, గుర్తుంచుకో. మోసపోయావా, వెంటనే 1930కి ఫోన్ చెయ్యి.

చదవడానికి బాగానే ఉంది. మనుషులు మాట్లాడుకున్నట్టే ఉంది. 2022 అక్టోబరులో ఇందులో తప్పు కూడా పెద్దగా లేదు. ఆ తర్వాత ఏం జరిగిందో వరసగా చూస్తే, 2023 మే 19న రిజర్వు బ్యాంకు రెండు వేల నోటును చలామణీ నుంచి ఉపసంహరిస్తున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది ఆగస్టులో యూపీఐ లైట్‌లో ఒక్కో చెల్లింపు హద్దు 200 నుంచి 500కు పెరిగింది. 2024 డిసెంబరులో అది 1,000 అయింది, లైట్‌లో ఉంచుకోగల మొత్తం 5,000కు చేరింది. 2025 అక్టోబరు నుంచి మనిషికి మనిషి డబ్బు అడుగుతూ రిక్వెస్ట్ పంపే సౌకర్యాన్నే జాతీయ చెల్లింపుల సంస్థ, అంటే ఎన్‌పీసీఐ, ఆపించింది. అదే నెలలో పిన్‌కు బదులు వేలిముద్రతోనో ముఖం గుర్తింపుతోనో చెల్లించే ఏర్పాటు కూడా వచ్చింది. మూడేళ్లలో మనవరాలు చెప్పిన పాఠంలో సగానికి పైగా కదిలిపోయింది.

ఇలాంటి స్క్రిప్టు చేతికొస్తే చాలామంది ముందు అంకెల మీద పడతారు. ‘ఎనిమిది వేలు’ తీసి ‘తక్కువ ధర’ అని పెడతారు. ‘రెండు వందలు’ తీసి ‘కొంత మొత్తం’ అంటారు. ‘పోయిన నెల’కు బదులు ‘ఇటీవల’ అంటారు. అప్పుడు స్క్రిప్టు పాతబడదు. కానీ అందులో వినేవాడికి దక్కేదీ ఏమీ ఉండదు. ‘కొంత మొత్తం వరకు’ అని విన్న తాతకు పాల ప్యాకెట్‌కు పిన్ అడుగుతుందో లేదో తెలియదు, ఇంటద్దెకు అడుగుతుందో లేదో తెలియదు. ఇక ‘ఇటీవల’ అన్నది ‘పోయిన నెల’ కంటే అన్యాయం. పోయిన నెల అంటే కనీసం వీడియో తేదీ చూసి లెక్కకట్టుకోవచ్చు. ఇటీవల అన్నదానికి లెక్కే లేదు.

నిజానికి అంకె పాతబడదు. 2022లో హద్దు 200 అన్న మాట 2040లో చదివినా నిజమే. పాతబడేది ‘ఇప్పుడు’. రెండు వందల దాకా పిన్ కొట్టక్కర్లేదు అన్న వాక్యంలో ‘ఇప్పుడు’ అన్న మాట కనపడదు గానీ, లోపల ఉంది. ఆ ఇప్పుడుకు ఒక తేదీ కడితే వాక్యం మళ్లీ నిలబడుతుంది. అందుకే అంకెను చెరిపేసే ముందు దానికి రెండు దారులున్నాయేమో చూడాలి. తేదీతో సహా గతంలోకి పంపడం ఒక దారి. మార్చడానికి వీలైన చోట విడిగా కూర్చోబెట్టడం ఇంకో దారి. ఈ రెండూ కుదరనప్పుడే తీసేయాలి.

మన స్క్రిప్టులో మొదటి వాక్యం తీసుకుందాం. నోట్ల రద్దు ప్రస్తావన అక్కడ ఎందుకుంది? పాఠానికి అది అవసరం లేదు, తాతను కాస్త ఆటపట్టించడానికే ఉంది. నోట్ల రద్దుకు తేదీ తగిలించి ‘2016 నవంబరులో నోట్లు రద్దయ్యాయి కదా’ అనిపించవచ్చు, అది ఎప్పటికీ నిజమే. కానీ ఏ మనవరాలూ తాతతో అలా మాట్లాడదు. సంభాషణలో తేదీ చెప్పించడం చాలాసార్లు ఇలాగే చెడుతుంది. వ్యాఖ్యాత నోట తేదీ బాగుంటుంది, పాత్ర నోట బాగుండదు. కాబట్టి ఇక్కడ సంఘటనను వదిలేసి దాని వెనకున్న ఇబ్బందిని పట్టుకోవాలి. తాత దగ్గర పెద్ద నోట్లున్నాయి, కొట్లో చిల్లర లేదు. ఆ ఇబ్బంది 2016కు ముందూ ఉంది, తర్వాతా ఉంది. ‘పాల ప్యాకెట్‌కి కూడా పెద్ద నోటే తీస్తావా తాతయ్యా, కొట్లో ఆయన చిల్లర లేదని విసుక్కుంటున్నాడు’ అంటే సరిపోతుంది. ఆటపట్టించడమూ పోలేదు.

ఆర్ఆర్ఆర్ సంగతి వేరు. 2022 మార్చిలో విడుదలైన సినిమా పేరు 2022లో తీసిన వీడియోలో ఉంటే, తర్వాత చూసేవాళ్లకు అది పాత వీడియో అని తెలుస్తుంది. తెలిస్తే నష్టమా? నా లెక్కలో కాదు. ఈ పాఠంలో సినిమా పేరు వల్ల ఎవరూ తప్పు పని చేయరు. అయినా నేనైతే ఈ చోట తీసేస్తాను, ఎందుకంటే పాత సినిమా పేరు వినగానే చూసేవాడికి మిగతా పాఠం మీద కూడా నమ్మకం సడలుతుంది, 1930 నంబరు కూడా పాతదేనేమో అనుకుంటాడు. వినోదం కోసం తీసే వీడియోలోనో, ఫలానా ఏడాది గురించి చెప్పే కార్యక్రమంలోనో అయితే సినిమా పేరు తీయించే ఎడిటర్‌తో గొడవపడాల్సిందే. ఊరి వాసన, కాలం వాసన బొత్తిగా లేని స్క్రిప్టు ఎంతకాలం నిలిచినా ఎవరికి కావాలి?

ఫోన్ ధర దగ్గర ఇంకో ప్రశ్న అడగాలి. ఈ ధర విని మనిషి ఏం నిర్ణయించుకోవాలి? ఎనిమిది వేలు అన్న మాట తాతకు నిజంగా చెబుతున్నది, ఖరీదైన ఫోన్ అక్కర్లేదని. అయితే అదే చెప్పాలి. దానికి తోడు, ధర చెప్పని విషయం ఒకటుంది. చవకగా దొరికిన పాత ఫోన్‌లో బ్యాంకు యాప్ పడకపోవచ్చు, ఎందుకంటే యాప్‌లు ఏళ్లు గడిచేకొద్దీ పాత ఆండ్రాయిడ్ వెర్షన్లను వదిలేస్తూ పోతాయి. కాబట్టి ‘ఖరీదైన ఫోన్ అక్కర్లేదు తాతయ్యా. కొనే ముందు నీ బ్యాంకు యాప్ అందులో పడుతుందో లేదో కొట్లోనే అడుగు’ అంటే, ధర మాట పోయి దానికంటే పనికొచ్చే మాట వచ్చింది. వెర్షన్ సంఖ్య చెప్పలేదు. చెబితే రెండేళ్లలో అదీ తప్పయ్యేది. కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న మాత్రం అలా మారదు.

బటన్ సంగతీ ఇంతే. ‘కింద మధ్యలో గుండ్రటి బటన్’ అన్నది ఒక యాప్‌లో, ఒక వెర్షన్‌లో, ఆ నెలలో నిజం. యాప్ కంపెనీలు తెర మీద బొమ్మల్ని ఎప్పుడంటే అప్పుడు జరుపుతాయి, ముందుగా ఎవరికీ చెప్పవు. చోటు, రంగు, ఆకారం చెప్పడం మానేసి ఆ బటన్ చేసే పని చెప్పాలి. నొక్కాక ఏం కనిపిస్తే సరిగా నొక్కినట్టో కూడా చెప్పాలి. ‘స్కాన్ అని రాసి ఉన్నది నొక్కు. కెమెరా తెరుచుకుంటుంది. కొట్లో అతికించిన చదరపు గళ్ల బొమ్మ మీద పట్టు. కొట్టు పేరు వస్తుంది. పేరు సరిగ్గా ఉంటేనే డబ్బెంతో కొట్టు.’ ఇందులో బటన్ ఎక్కడుందో లేదు. అయినా తాత దారి తప్పడు, ఎందుకంటే ప్రతి అడుగు తర్వాత తాను సరైన చోటే ఉన్నాడో లేదో తేల్చుకునే గుర్తు ఉంది. కెమెరా తెరుచుకోలేదంటే తప్పు బటన్ నొక్కినట్టు. వీడియో తీసేవాళ్లు ఫోన్ తెరను దగ్గరగా చూపించాలని ఉబలాటపడతారు. ఆ ఒక్క షాట్ చాలు, మాటలెంత జాగ్రత్తగా రాసినా వీడియో మొత్తం పాతదైపోవడానికి. నిజమైన తెరకు బదులు గీసిన బొమ్మ వాడితే, అది ఏ యాప్‌లాగా ఉండదు కాబట్టి ఏ యాప్ మారినా చెడదు. కాకపోతే బొమ్మ చూసి నేర్చుకున్నవాడు అసలు తెర చూసి మొదట తడబడతాడు. ఆ ఇబ్బంది ఉండనే ఉంది. ఫోన్ ఎప్పుడూ పట్టనివాళ్ల కోసం తీసే వీడియో అయితే నిజమైన తెరే చూపించి, రెండేళ్లకోసారి మళ్లీ తీయడానికి సిద్ధపడటం మేలు.

ఇప్పటిదాకా చూసినవన్నీ కంటికి కనిపించే కాలపు గుర్తులు. అంకెలో పేరో చూసి గుర్తుపట్టొచ్చు. అసలు ప్రమాదం అంకె లేని వాక్యంలో ఉంది. ‘నువ్వు పిన్ కొట్టందే ఒక్క రూపాయి కూడా బయటికి పోదు.’ దీంట్లో ధర లేదు, తేదీ లేదు, వెర్షన్ లేదు. పైకి చూస్తే శాశ్వత సత్యంలా ఉంటుంది. స్క్రిప్టు సరిచూసేవాళ్లు దీన్ని దాటుకుని వెళ్లిపోతారు. కానీ 2022 నాటికే ఇది పూర్తి నిజం కాదు. 2020లో యూపీఐ ఆటోపే వచ్చింది. ఒకసారి అనుమతిస్తే, నెలనెలా కట్టాల్సిన చందాలు హద్దుకు లోబడి ప్రతిసారీ పిన్ అడక్కుండానే ఖాతాలోంచి వెళ్తాయి. తర్వాత లైట్ వచ్చింది. ఆపైన వేలిముద్ర వచ్చింది. ‘ఎప్పుడూ’, ‘ఎక్కడా’, ‘ఒక్కటి కూడా’, ‘తప్పనిసరిగా’ అనే మాటలున్న వాక్యాలన్నీ విడిగా పట్టి చూడాలి. అంకె మారితే జనం గమనిస్తారు, పత్రికల్లో వస్తుంది. ఇలాంటి వాక్యం మాత్రం ఎవరికీ తెలియకుండానే అబద్ధమైపోతుంది. దాని వల్ల నష్టం కూడా ఎక్కువే. పిన్ కొట్టలేదు కాబట్టి డబ్బు పోయి ఉండదన్న భరోసాతో తాత బ్యాంకు మెసేజ్ చూడటం మానేస్తాడు.

దాని పక్కనే ఉన్న మరో వాక్యం చూడండి. ‘డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.’ ఇదీ అంకె లేనిదే, ఇదీ ఖరాఖండీగా చెప్పిందే. 2016లో యూపీఐ మొదలైనప్పుడు నిజం, లైట్ వచ్చాకా నిజం, రిక్వెస్టులు ఆపేశాకా నిజం. ఒకటి ఎందుకు కూలింది, ఇంకొకటి ఎందుకు నిలిచింది? మొదటిది ఆనాటి ఏర్పాటు గురించి చెబుతుంది. డబ్బు బయటికి పోవడానికి పిన్ ఒక్కటే తాళం అన్నది ఎన్‌పీసీఐ అప్పటికి పెట్టిన పద్ధతి, అది మార్చుకోవచ్చు, మార్చుకుంది. రెండోది ఆ వ్యవస్థ అసలు దేనికి ఉందో చెబుతుంది. అనుమతి ఇవ్వాల్సింది డబ్బు పోగొట్టుకునేవాడు గానీ, పుచ్చుకునేవాడు కాదు. ఈ తర్కం పిన్ ఉన్నా, వేలిముద్ర ఉన్నా, రేపు ఇంకేదో వచ్చినా మారదు. మార్చితే అది చెల్లింపు వ్యవస్థే కాదు.

ఈ సంగతి తెలిశాక ఆ నిలిచిన వాక్యాన్ని కూడా ఇంకొంచెం గట్టిపరచవచ్చు. అందులో ‘పిన్’ అన్న ఒక్క మాట ఇంకా కాలానికి కట్టుబడి ఉంది. మోసగాడు పిన్ అడగడం మానేసి వేలు పెట్టమంటే, స్కాన్ చేయమంటే? ‘నీకు రావాల్సిన డబ్బు దానంతటదే వస్తుంది తాతయ్యా. పిన్ కొట్టక్కర్లేదు, వేలు పెట్టక్కర్లేదు, ఏదీ స్కాన్ చెయ్యక్కర్లేదు. డబ్బు వస్తుంది, ఇది చెయ్యి అని ఎవడన్నా అన్నాడంటే అది వచ్చే డబ్బు కాదు, పోయే డబ్బు.’ రిక్వెస్ట్ అనే మాటే ఇందులో లేదు. 2025లో ఆ దారి మూసుకుపోయినా ఈ మాటకు ఏమీ కాదు. మోసం చేసే పద్ధతి పేరు చెబితే అది ఆ ఏడాది హెచ్చరిక, అంతే. ఆ మోసం దేని మీద ఆడుతోందో చెబితే పేరు మారినా పనికొస్తుంది.

ఇక మిగిలింది యూపీఐ లైట్ హద్దు. దీన్ని తీసేయడానికి లేదు, ఎందుకంటే తాతకు ఆ అంకె కావాలి. తేదీ కట్టి పాత్ర నోట చెప్పించడానికీ లేదు. ఇక్కడ స్క్రిప్టును రెండు ముక్కలు చేయాలి. ఎందుకు అన్నది సంభాషణలో ఉంచాలి, ఎంత అన్నది బయట పెట్టాలి. తిరగరాశాక ఇలా వస్తుంది.

మనవరాలు: చిన్న చిన్న ఖర్చులకు పిన్ అడగని పద్ధతి ఒకటుంది తాతయ్యా, యూపీఐ లైట్ అని.

తాతయ్య: పిన్ లేకుండా డబ్బు పోతుందా? అమ్మో!

మనవరాలు: అందుకే దానికి హద్దు పెట్టారు. బజారుకెళ్తూ పర్సులో కాస్త డబ్బు పెట్టుకెళ్తావు చూడు, అలాంటిదే. పర్సు పోయినా ఇంట్లో బీరువా ఎక్కడికీ పోదుగా.

వ్యాఖ్యాత: 2022 అక్టోబరు నాటికి ఈ హద్దు ఒక్కో చెల్లింపుకు 200 రూపాయలు. మొత్తం ఉంచుకోగలిగేది 2,000 రూపాయలు.

తాతయ్య: మరి పర్సులో అయిపోతే?

మనవరాలు: మళ్లీ ఖాతాలోంచి నింపుకోవడమే.

వ్యాఖ్యాత వాక్యాలు తీసేసి చదివి చూడండి. తాత ప్రశ్న నేరుగా మనవరాలి మాటకు అతుక్కుంటుంది, గుంత పడదు. ఇది యాదృచ్ఛికంగా కుదిరింది కాదు. మారే ముక్క ముందు వాక్యమూ తర్వాతి వాక్యమూ దాని మీద ఆధారపడకుండా రాయాలి. తాత ‘రెండు వందలేనా?’ అని అన్నాడనుకోండి, ముక్క మార్చినప్పుడల్లా తాతనూ పిలిపించాలి.

వ్యాఖ్యాత గొంతు వేరుగా ఉండటం కూడా ఇందుకే. మూడేళ్ల తర్వాత అదే నటితో ఒక్క అంకె మార్చి చెప్పిస్తే గొంతు కలవదు. మైకు వేరు, గది వేరు, ఆ అమ్మాయికే మూడేళ్లు వచ్చాయి. వాక్యం మధ్యలో ‘ఐదు వందల’ అని అతికిస్తే అతుకు చెవికి తెలిసిపోతుంది. తెలుగులో ఇంకో చిక్కుంది. అంకె చివర ‘కు’, ‘దాకా’, ‘లోపు’, ‘కి మించి’ లాంటివి అంటుకుని ఒకే ఊపిరిలో వస్తాయి. వాటిని మధ్యలో కోయడం కష్టం. అంకె ఉన్న వాక్యం చిన్నదిగా ఉండి, ముందూ వెనకా అర సెకను మౌనం ఉంటే, వాక్యం మొత్తం తీసేసి కొత్తది పెట్టొచ్చు. వేరే గొంతు అయితే ఎవరూ గమనించరు కూడా.

అంకెను తెర మీద రాసి చూపిస్తే చాలదా, గొంతు ఎందుకు అని ఎడిటర్లు అడుగుతారు. రాత మార్చడం తేలికే. కానీ ఈ వీడియో ఎవరి కోసమో వాళ్లలో చాలామందికి చిన్న ఫోన్‌లో ఆ అక్షరాలు ఆనవు. కొందరు ఫోన్ పక్కన పెట్టి పని చేసుకుంటూ వింటారు. వాళ్లకు తెర మీద రాత లేనట్టే. రెండూ పెట్టి రెండూ మార్చుకోవడమే దారి.

మార్చడం అన్నంత తేలికగా మార్చగలమా అన్నది వీడియో ఎక్కడుందో దాన్ని బట్టి ఉంటుంది. యూట్యూబ్‌లో ఒకసారి పెట్టిన వీడియో స్థానంలో, అదే లింకు ఉంచి, కొత్త ఫైలు పెట్టడానికి వీల్లేదు. కొత్తగా పెడితే కొత్త లింకు వస్తుంది, పాత వ్యూస్, కామెంట్లు పాతదానితోనే ఉండిపోతాయి. పేరు, కింద రాసే వివరణ మార్చొచ్చు. కామెంట్ ఒకటి పైన పిన్ చేయొచ్చు. యూట్యూబ్ సొంత ఎడిటర్‌తో వీడియో మధ్యలో ముక్క కోసి తీసేయొచ్చు గానీ, దాని చోట కొత్త దృశ్యం పెట్టలేం. ఇందువల్లే, ముక్క లేకుండా చదివినా సంభాషణ అతుక్కోవాలన్న జాగ్రత్త అక్కరకొస్తుంది. హద్దు మారిన రోజున వ్యాఖ్యాత ముక్కను కోసేసి, కొత్త అంకెను వివరణలో రాస్తే చాలు, వీడియో బతికిపోతుంది.

కానీ ఇలాంటి వీడియోలు యూట్యూబ్‌లోనే ఉండిపోవు. వాట్సాప్‌లో ఊరూరా తిరుగుతాయి. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని గ్రామ సభల్లో, పొదుపు సంఘాల సమావేశాల్లో వేస్తారు. ఆ కాపీలను ఎవరూ వెనక్కి పిలవలేరు, వాటి వెంట వివరణా కామెంటూ వెళ్లవు. 2022 నాటి కాపీ 2027లో ఎవరో ఒకరి ఫోన్‌లో మోగుతుంది. అందుకే ‘2022 అక్టోబరు నాటికి’ అన్న మాట వీడియో లోపలే, వినపడేలా ఉండాలి. కొందరు నిర్మాతలు తేదీ వద్దంటారు, పాతదని తెలిసిపోతుందని. తెలిసిపోవడమే మనకు కావాలి. తేదీ విన్న మనిషి ఆ ఒక్క అంకెను అనుమానిస్తాడు, మిగతా పాఠం తీసుకుంటాడు. తేదీ లేకపోతే అంకెను నమ్మి, కొట్టు దగ్గర అది చెల్లక, పాఠమంతా దండగ అనుకుంటాడు.

హెల్ప్‌లైన్ నంబరుకు ఈ సూత్రాలేవీ పూర్తిగా సరిపోవు. మారొచ్చని తీసేస్తే, డబ్బు పోయిన మనిషి ఎవరికి ఫోన్ చేయాలి? తేదీ కట్టి చెబితే ఆ గాభరాలో తేదీ గుర్తుండదు. కాబట్టి నంబరు స్పష్టంగా, రెండుసార్లు, చెప్పాల్సిందే. దాంతోపాటు అది పనిచేయకపోతే ఏం చేయాలో మనిషి చేతిలోనే ఉన్నదాన్ని చూపించాలి. డెబిట్ కార్డు వెనక బ్యాంకు నంబరు ముద్రించి ఉంటుంది. కార్డు మారితే నంబరూ కొత్తదే వస్తుంది, వీడియో మార్చక్కర్లేదు. ‘1930కి ఫోన్ చెయ్యి, ఒకటి తొమ్మిది మూడు సున్నా. కలవకపోతే నీ కార్డు వెనక ఉన్న నంబరుకి చెయ్యి. మోసం జరిగినరోజే చెయ్యాలి, రేపు చూద్దామనుకోకు’ అని మనవరాలి చేత చెప్పించవచ్చు. ఫిర్యాదు నమోదు చేసే cybercrime.gov.in చిరునామా తెర మీద ఉంచితే సరి. దాన్ని చదివి వినిపించడం వల్ల తాతకు ఒరిగేదేమీ లేదు.

స్క్రిప్టు పూర్తయ్యాక దాంతోపాటు ఒక కాగితం తయారుచేయాలి. మారే మాట ఏది, వీడియోలో ఏ నిమిషం ఏ సెకను దగ్గర ఉంది, దాన్ని మార్చే అధికారం ఎవరిది, ఆఖరుసారి ఎప్పుడు సరిచూశాం. ఈ వీడియోకు ఆ కాగితంలో నాలుగు వరసలుంటాయి: లైట్‌లో రెండు హద్దులు, 1930, ఫిర్యాదు చిరునామా. మూడో గడి ముఖ్యం. లైట్ హద్దులు పెంచబోతున్నట్టు 2023 ఆగస్టులోనూ, 2024 అక్టోబరులోనూ రిజర్వు బ్యాంకు ద్రవ్య విధాన ప్రకటనల్లోనే చెప్పింది. ఆ ప్రకటనలు మామూలుగా రెండు నెలలకోసారి వస్తాయి, వాటి తేదీలు ముందే తెలుస్తాయి. కాబట్టి ఈ కాగితం పెట్టుకున్న మనిషి రోజూ వార్తలు వెతకక్కర్లేదు, రెండు నెలలకోసారి పది నిమిషాలు చూస్తే చాలు. కాగితం మాత్రం ఒక మనిషి పేరు మీద ఉండాలి. సంస్థ పేరు మీద ఉంటే ఎవరూ చూడరు.

ఇంత చేసినా ఒక రోజు ఆ వీడియో పనికిరాకుండా పోతుంది. అంకెలు మారడం వల్ల కాదు, చేసే పని వరస మారడం వల్ల. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి డబ్బు కొట్టే పద్ధతే పోయి ఇంకోటి వచ్చిందనుకోండి, కోతలతో దాన్ని కాపాడలేం, మళ్లీ తీయాల్సిందే. అప్పుడు పాతదాన్ని యూట్యూబ్‌లోంచి తొలగిస్తే, ఎక్కడెక్కడో పంచుకున్న లింకులు ఖాళీ తెర మీదికి తెరుచుకుంటాయి. తొలగించకుండా పేరు ముందు ‘పాత పద్ధతి’ అని ఏడాదితో సహా రాసి, పిన్ చేసిన కామెంట్‌లో కొత్త వీడియో లింకు పెడితే, పాత లింకు పట్టుకుని వచ్చినవాళ్లు అక్కణ్నుంచి కొత్తదానికి వెళ్తారు.